పిల్లికూతలు ఆగితే ఆస్తమా తగ్గినట్టేనా?

ప్రశ్న: బాబుకు ఆయాసం ఉంది కానీ పిల్లికూతలు ఆగిపోయాయి. తగ్గినట్టేనా?

కాదు, ఆయాసం ఉండగానే కూత ఆగితే అది ప్రమాద సూచన. కూత రావాలంటే ఇరుకైన శ్వాసనాళాల్లో కాస్తయినా గాలి కదలాలి. అవి మరీ బిగుసుకుంటే ఆ కదలికే ఉండదు.

ఉదాహరణకు ఏడేళ్ల పిల్లాడు రెండు మాటలకే ఆగిపోతున్నాడు, డొక్కలు ఎగరేస్తున్నాడు, ఆక్సిజన్ 89 శాతం, స్టెతస్కోప్‌లో దాదాపు నిశ్శబ్దం. వెంటనే ఆక్సిజన్, నెబ్యులైజర్‌లో శ్వాసనాళాలను వదులు చేసే మందులైన సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం, దాంతోపాటు స్టెరాయిడ్ ఇస్తారు. కాసేపటికి కూత మళ్లీ వినిపిస్తే తల్లికి టెన్షన్, నర్సుకు మాత్రం ఊరట: గాలి ఆడుతోంది.

కూత పెద్దదైతేనే జబ్బు ఎక్కువనుకోవడం పొరపాటు. అందుకే ఇంట్లోవాళ్లకు నేర్పేది ఇదే: మాట తెగినా, డొక్కలు ఎగరేసినా, మగతగా ఉన్నా స్పేసర్ గొట్టంతో రిలీవర్ ఇన్‌హేలర్ ఒక్కో పఫ్ ఇస్తూ వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.