జాబితా లేకుండా లెక్క: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా క్వాంటం కౌంటింగ్

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి గ్రోవర్ సెర్చ్ చేద్దామనుకున్నాం. మా గైడ్ మాత్రం ‘అది అందరూ చేసేస్తున్నారు, క్వాంటం కౌంటింగ్ చెయ్యండి’ అంటున్నారు. ఒక్కొక్కటీ చూడకుండా సరైనవి ఎన్ని ఉన్నాయో ఎలా చెప్పగలం? ఆరు నెలల్లో అయ్యే పనేనా? తర్వాత క్వాంటంలో ఎంటెక్ చేయాలంటే ఇది పనికొస్తుందా?

జవాబు: మీ గైడ్ మాట వినండి. ఆరు నెలలు సరిపోతాయి. కాకపోతే ఒక షరతు: జవాబు ఎంతో కాగితం మీద మీరే లెక్కపెట్టుకోగలిగినంత చిన్న సమస్య తీసుకోండి. పెద్ద సమస్య పెట్టుకుంటే వచ్చిన అంకె తప్పో ఒప్పో చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. వైవాలో మొదట నిలదీసేది అక్కడే.

ఒక సమస్య నేనే ఇస్తాను. ఐదు వైఫై రౌటర్లు గుండ్రంగా ఉన్నాయి. పక్కపక్కనున్న రెండు ఒకేసారి ఆన్‌లో ఉండకూడదు. ఎన్ని రకాలుగా ఆన్, ఆఫ్ చేసి పెట్టవచ్చు? ఐదు బిట్లు కాబట్టి మొత్తం అమరికలు 32. అన్నీ ఆఫ్‌లో ఉంచడం ఒక పద్ధతి. ఒక్కటే ఆన్ చేస్తే ఐదు. పక్కపక్కన లేని రెండింటిని ఆన్ చేస్తే మరో ఐదు. మూడు ఆన్ చేస్తే ఎక్కడో ఒకచోట రెండు పక్కపక్కన పడక తప్పదు. మొత్తం 11. మన క్వాంటం సర్క్యూట్ చెప్పవలసిన జవాబు ఇదే.

ముందు మీకు తెలిసిన గ్రోవర్‌నే, అంటే సరైన అమరికను వెతికే పద్ధతినే, ఈ సమస్యకు పెట్టి చూడండి. 32 అమరికల సమాన సూపర్‌పొజిషన్‌తో మొదలుపెడతాం. సరైన అమరికలన్నీ కలిపి ఒక అక్షం, తప్పువన్నీ కలిపి ఇంకో అక్షం అనుకుంటే, మన స్థితి ఆ రెంటి మధ్య ఒక బాణం. తప్పు అక్షం నుంచి అది θ కోణంలో ఉంటుంది. N మొత్తం అమరికలు, M సరైనవి అయితే sin²θ = M/N. మన సమస్యలో 11/32 కాబట్టి θ దాదాపు 35.9 డిగ్రీలు. సరైన అమరికల గుర్తు మార్చే ఒరాకిల్, మొదటి సూపర్‌పొజిషన్ చుట్టూ బాణాన్ని ప్రతిబింబించే డిఫ్యూజర్, ఈ రెండూ కలిస్తే ఒక గ్రోవర్ అడుగు. అది ఒక్కొక్కటీ బాణాన్ని 2θ మేర తిప్పుతుంది. ఒక అడుగు తర్వాత కోణం 107.7 డిగ్రీలు, కొలిస్తే సరైన అమరిక వచ్చే అవకాశం దాదాపు 91 శాతం. ఇంకో అడుగు వేస్తే కోణం 179.5 డిగ్రీలకు పోతుంది, అవకాశం దాదాపు సున్నాకు పడిపోతుంది.

ఇలా తిప్పి సరైనవాటి అవకాశం పెంచే ఆంప్లిట్యూడ్ ఆంప్లిఫికేషన్‌లో ఉన్న చిక్కు ఇదే. ఎక్కువసార్లు తిప్పితే ఎక్కువ ఫలితం రాదు. ఎక్కడ ఆగాలో తెలియాలంటే θ తెలియాలి, θ తెలియాలంటే M తెలియాలి. గ్రోవర్ ప్రాజెక్టులు చాలావాటిలో M ముందే తెలుసని ఊరికే అనుకుని ముందుకు పోతారు. మీ గైడ్ చూపించిన దారి ఆ ఖాళీని పూరించేదే.

‘చూడకుండా ఎలా లెక్కపెడతాం’ అన్న దానికి జవాబు కూడా ఆ కోణంలోనే ఉంది. బాణం ఏ అమరికల మీద పడిందన్నది మనకు అక్కర్లేదు, ఒక్కో అడుగుకు ఎంత తిరుగుతోందో తెలిస్తే చాలు. ఆ తిరుగుడే గ్రోవర్ అడుగు Qకి ఐగెన్ ఫేజ్, అంటే +2θ, −2θ. ఫేజ్‌ను కొలిచే పద్ధతి, అంటే ఫేజ్ ఎస్టిమేషన్, కితాయెవ్ 1995లో ఇచ్చాడు. గ్రోవర్ సెర్చ్ 1996లో వచ్చింది. ఆ రెంటినీ కలిపి 1998లో బ్రసార్డ్, హోయర్, టాప్ క్వాంటం కౌంటింగ్‌ను ప్రతిపాదించారు. పద్ధతి ఇలా ఉంటుంది. లెక్క కోసం t క్యూబిట్లు విడిగా పెట్టుకుంటాం. మొదటి క్యూబిట్ కంట్రోల్‌గా Qని ఒకసారి, రెండోది కంట్రోల్‌గా రెండుసార్లు, మూడోదానితో నాలుగుసార్లు, అలా రెట్టింపు చేస్తూ పోతాం. చివర ఇన్వర్స్ క్వాంటం ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్, అంటే ఇన్వర్స్ క్యూఎఫ్‌టీ, వేసి ఆ t క్యూబిట్లను కొలుస్తాం. వచ్చిన అంకె y అయితే θ అంచనా πy/2ᵗ. దాన్నుంచి M వస్తుంది.

t = 5 పెడదాం. మన θకి సరిపోయే y విలువ 6.38. కొలతలో పూర్ణాంకమే వస్తుంది కాబట్టి 6 గానీ 7 గానీ ఎక్కువగా కనిపిస్తాయి. ఫేజ్‌కు రెండు గుర్తులున్నాయి గనక వాటి ప్రతిబింబాలు 26, 25 కూడా వస్తాయి. లెక్క వేసి చూడండి:

```python
from math import sin, pi
N, t = 32, 5
for y in (6, 7):
    print(y, N * sin(pi * y / 2**t)**2)
```

6కి దాదాపు 9.88, 7కి 12.88 వస్తాయి. అసలు జవాబు 11 ఆ రెంటి మధ్య ఇరుక్కుపోయింది. సర్క్యూట్‌లో తప్పేమీ లేదు, కొలబద్ద మీద గీతలు దూరదూరంగా ఉన్నాయంతే. 6, 26 కలిపి దాదాపు 60 శాతం సార్లు, 7, 25 కలిపి దాదాపు 23 శాతం సార్లు వస్తాయి. సర్క్యూట్‌ని మళ్లీ మళ్లీ నడిపి ఎన్ని వేల షాట్లు తీసినా గీతలు దగ్గరపడవు. చాలామంది విద్యార్థులు ఇక్కడే షాట్లు పెంచుతూ కూర్చుంటారు. పెంచాల్సింది tని. t = 7 చేస్తే y 25 లేదా 26 వస్తుంది, వాటి ప్రతిబింబాలు 103, 102. వాటి నుంచి M 10.61 లేదా 11.36. ఏది వచ్చినా దగ్గరి పూర్ణాంకం 11. ఇలా జరిగే అవకాశం 81 శాతం దాకా ఉంటుంది.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. వైవాలో దీన్ని దాచొద్దు, మీరే ముందు చెప్పండి. t = 5కి Qని 31 సార్లు వాడాం, t = 7కి 127 సార్లు. 32 అమరికల్నీ వరసగా చూసుకుంటే మామూలు కంప్యూటర్‌కి 32 తనిఖీలు చాలు. అంటే ఈ సైజులో క్వాంటం ఓడిపోయింది. గెలుపు పెద్ద సైజులో కనిపిస్తుంది. అమరికలు 10,48,576 అనుకోండి, అంటే 2²⁰. అందులో సరైనవి 1,000. t = 12తో Qని 4,095 సార్లు వాడితే, 81 శాతం అవకాశంతో తప్పు సుమారు 50కి మించదు. అన్నే తనిఖీలతో మామూలు కంప్యూటర్ యాదృచ్ఛికంగా నమూనాలు తీస్తే అందులో సరైనవి సగటున నాలుగే తగులుతాయి, అంచనాలో మామూలుగా 500 దాకా తేడా ఉంటుంది. తప్పు సగం చేయాలంటే నమూనాల పద్ధతికి నాలుగింతల పని, క్వాంటం కౌంటింగ్‌కి రెండింతల పని. మీ రిపోర్టులో ఒక గ్రాఫే పెట్టే వీలుంటే తనిఖీల సంఖ్యకు ఎదురుగా తప్పు ఎంతో చూపే గ్రాఫ్ పెట్టండి. నా దృష్టిలో ప్రాజెక్టు అంతా అదే.

సర్క్యూట్ కట్టేటప్పుడు ఎక్కువగా ముంచేది గుర్తు. డిఫ్యూజర్‌ని అందరూ రాసేలా H, X, మల్టీ కంట్రోల్డ్ Z, X, H అని రాస్తే కావలసినదానికి మైనస్ గుర్తుతో వస్తుంది. గ్రోవర్ సెర్చ్‌లో అది మొత్తానికి అంటుకున్న ఫేజ్ కాబట్టి ఎవరికీ కనబడదు. కౌంటింగ్‌లో Q కంట్రోల్ కింద నడుస్తుంది కాబట్టి ఆ మైనస్ వచ్చి లెక్క క్యూబిట్ మీద కూర్చుంటుంది. అప్పుడు మీకు 11కి బదులు 21 చుట్టూ అంకె వస్తుంది, అంటే సరైనవాటికి బదులు తప్పువాటి లెక్క. కనిపెట్టడం తేలిక: దేన్నీ గుర్తించని ఒరాకిల్ పెట్టి నడపండి. y = 0 రావాలి. సరిగ్గా మధ్య అంకె, t = 5కి 16, వచ్చిందంటే గుర్తు తిరగబడింది. Qని ఒక్కసారే నడిపే లెక్క క్యూబిట్ మీద ఒక Z గేటు పెడితే సరిపోతుంది. మిగతావాటిలో Q సరిసంఖ్య సార్లు నడుస్తుంది కాబట్టి మైనస్ దానంతటదే పోతుంది.

ఇంకోటి బిట్ల వరస. హిస్టోగ్రామ్‌లో yకి, 2ᵗ − yకి ఎత్తులు సమానంగా ఉండాలి. 6, 26 రావాల్సినచోట 12, 11 కనిపిస్తున్నాయంటే బిట్లు తిరగేసి చదువుతున్నారని అర్థం. ఒరాకిల్‌లో పక్కపక్క జంటల్ని చూడటానికి ఐదు అదనపు క్యూబిట్లు వాడతారు కదా, పని అయ్యాక వాటిని అదే దారిలో వెనక్కి నడిపి సున్నాకి తేవాలి. మరిచిపోతే శిఖరాలు చెదిరిపోయి హిస్టోగ్రామ్ అంతా పరుచుకుపోతుంది. Qని కంట్రోల్ చేసేటప్పుడు ప్రతి గేటుకీ కంట్రోల్ తగిలించకండి. ఒరాకిల్ మధ్యలోని ఫేజ్ గేటుకి, డిఫ్యూజర్ మధ్యలోని Zకి తగిలిస్తే చాలు, రెండు వైపులా ఉన్నవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సర్క్యూట్ పొడవు చాలా తగ్గుతుంది.

t = 5కి మొత్తం 15 క్యూబిట్లు, t = 7కి 17. కిస్కిట్ సిమ్యులేటర్‌తో మామూలు లాప్‌టాప్ మీదే నడుస్తుంది. నిజమైన క్వాంటం యంత్రం మీద నడిపి చూపించాలని పట్టుపట్టకండి. 31 కంట్రోల్డ్ Qలంటే రెండు క్యూబిట్ల గేట్లు వేలల్లోకి పోవచ్చు, ఇప్పటి యంత్రాల నాయిజ్‌లో శిఖరాలు మిగలవు. సమయం ఉంటే రెండో భాగంగా ఫేజ్ ఎస్టిమేషన్ లేని పద్ధతి చేయండి. గ్రోవర్ అడుగులు సున్నా, ఒకటి, రెండు, నాలుగు వేసి ఒక్కోసారి సరైన అమరిక ఎన్ని షాట్లలో వచ్చిందో రాసుకుని, ఆ అన్నింటికీ బాగా పొసిగే θని మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్‌తో వెతుకుతారు. అందులో కంట్రోల్డ్ గేట్లు, క్యూఎఫ్‌టీ అక్కర్లేదు. మన సమస్యలో సున్నా అడుగులకు 34 శాతం, ఒకటికి 91, రెంటికి దాదాపు సున్నా అని ముందే తెలుసు కాబట్టి సరిచూసుకోవడం సులువు.

ఎంటెక్ సంగతి. బెంగళూరు ఐఐఎస్‌సీలో క్వాంటం టెక్నాలజీలో ఎంటెక్ ఉంది. మీరు చదువుతున్న చెన్నైలోనే ఐఐటీ మద్రాసులో, తరమణిలోని మ్యాథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటం ఇన్ఫర్మేషన్ మీద పరిశోధన జరుగుతోంది. ప్రవేశ షరతులు ఆ ఏడాది ప్రకటనలోనే చూడండి. ఈ ప్రాజెక్టు వల్ల సీటు రాదు, దానికి ప్రవేశ పరీక్ష చదువు వేరే కావాలి. ఇంటర్వ్యూదాకా వెళితే మాత్రం ఉపయోగపడుతుంది. ‘t పెంచితే ఏమవుతుంది, షాట్లు పెంచితే ఏమవుతుంది’ అని అడిగితే 9.88, 12.88 అంకెలతో జవాబు చెప్పగలరు.

సెలవుల్లో లీనియర్ ఆల్జీబ్రాలో ఐగెన్ విలువలు, యూనిటరీ మాత్రికలు మళ్లీ చదవండి. మొదటి నెల సర్క్యూట్ జోలికి పోకుండా ఈ 32 × 32 మాత్రిక Qని నంపైలో రాసి, దాని ఐగెన్ విలువలు తీయండి. ఎక్కువ భాగం 1, −1 వస్తాయి. రెండు మాత్రం వేరుగా, ఫేజ్ +71.8, −71.8 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ రెండు కనబడ్డాక మీ గైడ్ దగ్గరికి వెళ్లి ప్రాజెక్టు పేరు రాయించుకోండి.