యాడీనా, శామా? ముందు ఆ తప్పులెక్కడ జరుగుతున్నాయో చూడనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఎంఏ ఇంగ్లీషు చేసి, బెంగళూరులోనే ఓ స్కూల్లో నాలుగేళ్లుగా టీచరుగా చేస్తోంది. ఇప్పుడు మానేసి ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లోకి, అంటే ట్రైనింగ్ కోర్సులు తయారుచేసే పనిలోకి వెళ్తానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు యాడీ పాతబడిపోయింది, శామ్ నేర్చుకోవాలంటున్నారు. ఇంకొకళ్లు యాడీ రాకపోతే ఇంటర్వ్యూ దాటదంటున్నారు. ఇంటర్వ్యూలో చిన్న ట్రైనింగ్ కోర్సు ప్లాన్ చేసి ఇమ్మంటారట. దేనికి ఫీజు కట్టమంటారు?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: చేతిలో ఉన్న ఉద్యోగం పోయి, కొత్తది దక్కకపోతే ఎలా అన్నది మీ అసలు భయం. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి నాకు. ఒక్కోసారి ఒక్కో మోడల్ పేరుంటుంది, భయం మాత్రం ఇదే. దానికి నా జవాబు సూటిగా చెబుతాను: మోడల్ పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, పేరు తెలియలేదని ఎవరూ తీసేయరు. ఆ పేర్లు ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు.

యాడీ అంటే కోర్సు తయారుచేయడంలో ఐదు దశలు: విశ్లేషణ, డిజైన్, తయారీ, అమలు, మూల్యాంకనం. 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం కోసం రూపొందించిన శిక్షణ పద్ధతిలో దీని మూలాలున్నాయి. శామ్‌ను మైకేల్ అలెన్ 2012లో పుస్తకంగా తెచ్చారు. కోర్సంతా తయారుచేసి చివర్లో చూపించే బదులు, మొదట్లోనే ఒక ముతక నమూనా చేసి, నేర్చుకునేవాళ్ల ముందు పెట్టి, దిద్దుకుంటూ పోవాలంటుంది. అంతే తేడా. చిన్న కోర్సు చేసేటప్పుడు ఈ రెండూ ఎలాగూ కలిసిపోతాయి.

ఇంటర్వ్యూలో ఇచ్చే తరహా పని ఒకటి తీసుకుందాం. హోస్కోటె వైపు ఒక గోదాము అనుకోండి. కస్టమర్లు వెనక్కి పంపిన పెట్టెలు అక్కడికి వస్తాయి. ప్రతి పెట్టె ఎందుకు తిరిగొచ్చిందో సిబ్బంది చేతిలోని స్కానర్‌లో కారణం కోడ్ నొక్కాలి. తప్పుడు కోడ్లు పడుతున్నాయి. మేనేజరు 'రెండు గంటల ట్రైనింగ్ పెట్టేయండి' అన్నాడు. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లలో చాలామంది అక్కడే స్లైడ్లు తెరుస్తారు. మొదటి స్లైడు 'కోడ్ల ప్రాముఖ్యత'. అక్కడే పోతుంది ఉద్యోగం.

స్లైడ్ల జోలికి పోకముందు, పోయిన నెల ఎంట్రీలు ఒక 100 ఇమ్మని అడగాలి. వాటిని పెట్టెల ఫోటోలతో పోల్చి చూడాలి. 30 తప్పులు దొరికాయనుకుందాం. అందులో 18 చోట్ల 'ఇతర' అని నొక్కారు, అవన్నీ సాయంత్రం లారీలు వరసకట్టినప్పుడు పడ్డవే. స్కానర్ తెరచి చూస్తే కారణాలు 14 ఉన్నాయి, 'ఇతర' మొదటి తెర మీదే ఉంది, మిగతావాటికి కిందికి జరపాలి. తీరిగ్గా ఉన్నప్పుడు అదే మనిషి చేతికి పెట్టె ఇచ్చి అడిగితే సరైన కోడ్ టక్కున చెబుతున్నాడు. శిక్షణ మీద పుస్తకాలు రాసిన రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ ఇలాంటి చోట అడగమన్న ప్రశ్న ఒకటుంది: ప్రాణం మీదికొస్తే ఈ మనిషి ఈ పని చేయగలడా? చేయగలడంటే అతనికి ట్రైనింగ్ అక్కర్లేదు. ఆ 18 తప్పులకు మందు తెర మీద వరస మార్చడం.

మిగతా 12 వేరు. 'రవాణాలో దెబ్బ', 'కస్టమర్ దగ్గర దెబ్బ' అన్నవాటి మధ్య నిజంగానే తికమక పడుతున్నారు. కోర్సు వీటికే కావాలి. రెండు గంటలు కాదు, 40 నిమిషాలు చాలు. ఈ మాట మేనేజరుకు కాగితం మీద లెక్కతో చూపించగలగడమే విశ్లేషణ.

తర్వాత లక్ష్యం రాయాలి. 'కోడ్ల గురించి అవగాహన కలుగుతుంది' అని రాస్తే, కలిగిందో లేదో ఎవరు చూస్తారు? '10 దెబ్బతిన్న పెట్టెలిస్తే, గుర్తులున్న కార్డు చేతిలో ఉంచుకుని, కనీసం 9 పెట్టెలకు సరైన కోడ్ నొక్కుతారు' అని రాయాలి. ఏం చేస్తారు, ఏ పరిస్థితిలో, ఎంత బాగా అన్న మూడూ అందులో వచ్చేశాయి, పరీక్ష కూడా తయారైపోయింది. ఇక క్లాసు: ముందు 5 నిమిషాలు ఏమీ చెప్పకుండా రెండు పెట్టెలిచ్చి ప్రయత్నించనివ్వాలి. తర్వాత 10 నిమిషాలు గుర్తులు చూపించాలి. బయటి అట్టపెట్టె మూల నలిగి, లోపలి వస్తువూ అదే వైపు పగిలుంటే రవాణా. బయటి పెట్టె బాగానే ఉండి, టేపు కోసి, వస్తువు మాత్రం పగిలుంటే కస్టమర్. 15 నిమిషాలు ఇద్దరిద్దరుగా సాధన. చివరి 10 నిమిషాలు ఆ పది పెట్టెల పరీక్ష.

స్లైడ్లు చేయకముందే ఆ కార్డును చేత్తో గీసి, గోదాములో ముగ్గురికిచ్చి చూడాలి. శామ్ చెప్పే నమూనా ఇదే. కార్డు ఇంగ్లీషులో ఉంటే ఒకరు కన్నడ, ఒకరు హిందీ, ఒకరు తెలుగు అడుగుతారు, అక్షరాల బదులు ఫోటోలు పెట్టాలని ఆ రోజే తెలిసిపోతుంది. వీడియో తీసి, గొంతు రికార్డు చేసి, అంతా అయ్యాక తెలిస్తే మళ్లీ మొదటికి.

మూల్యాంకనంలో నాలుగు మెట్లని డోనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో రాశారు. నచ్చిందా అన్న ఫారం మొదటి మెట్టు, పది పెట్టెల పరీక్ష రెండోది. చాలా కంపెనీలు మొదటిదాంతో సరిపెట్టుకుంటాయి. నాలుగు వారాల తర్వాత మళ్లీ 100 ఎంట్రీలు తీసి, ఆ 12 ఎంతకు తగ్గాయో చూస్తే మూడోది. రవాణా కంపెనీ దగ్గర నష్టపరిహారం క్లెయిములు ఎక్కువగా నెగ్గుతుంటే నాలుగోది. రెండు రకాల తప్పులనూ విడివిడిగా లెక్కపెట్టడం ముఖ్యం. తెర వరస కూడా అదే వారం మార్చి ఉంటారు కదా, మొత్తం తప్పులు తగ్గాయని చూసి క్లాసు గొప్పదనుకుంటే పొరపాటు. మొదటి 100 ఎంట్రీలు తీసిపెట్టుకోనివాళ్లకు చివర్లో పోల్చడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు నా అనుమానం కూడా వినండి. ఇంట్లో కూర్చుని చేసుకునే ప్రశాంతమైన ఉద్యోగమని టీచర్లు చాలామంది ఇటు వస్తున్నారు. చేరాక చేసే పని తరచూ వేరుగా ఉంటుంది: క్లయింటు పంపిన 80 స్లైడ్లు, శుక్రవారానికి కోర్సుగా మార్చాలి. గోదాము చూడనివ్వరు, సిబ్బందితో మాట్లాడనివ్వరు, విశ్లేషణ ఎప్పుడో అయిపోయిందంటారు. తరగతి గది వదిలొచ్చిన మనిషికి ఎవరి మొహమూ కనిపించని ఆ పని విసుగనిపించవచ్చు. అయినా మీ అమ్మాయికి ఒక బలం ఉంది. పిల్లాడు ఎక్కడ తప్పుతున్నాడో నాలుగేళ్లుగా రోజూ చూస్తోంది, ఈ రంగంలో కొత్తగా వచ్చేవాళ్లకు లేనిదే అది. మార్చుకోవాల్సింది సిలబస్‌తో మొదలుపెట్టే అలవాటు. భయపడాల్సినంత పెద్ద మార్పేమీ కాదు.

మీ మీద మాత్రం కోపం వచ్చింది, దాచుకోను. ఉత్తరమంతా ఇన్‌స్టిట్యూట్ల మాటలే. ఆమె ఎందుకు మారాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. ఫీజు మీరు కట్టాలనుకోవడం మంచిదే, ఎంపిక కూడా మీరే చేయడం ఏమిటండీ? నాలుగేళ్లు సంపాదించుకున్న మనిషి. ఉద్యోగం మానకుండా, పైన చెప్పిన లాంటి పని ఒకటి తన స్కూలు ఆఫీసులోనే చేసి చూడమనండి. ఫీజు రసీదుల్లోనో, బస్సు హాజరు పట్టీలోనో తప్పులు దొరక్కపోవు. నచ్చిందో లేదో తనకే తెలుస్తుంది, ఇంటర్వ్యూలో చూపించడానికీ పనికొస్తుంది.

ఆ తర్వాతా కోర్సు కావాలనుకుంటే ఇన్‌స్టిట్యూట్‌కు ఆమెనే వెళ్లమనండి. పాత విద్యార్థులు రాసిన విశ్లేషణ నివేదిక ఒకటి చూపించమని అడగాలి. బొమ్మలు కదిలే స్లైడ్లు మాత్రమే చూపిస్తే, వాళ్లు నేర్పేది సాఫ్ట్‌వేర్. దానికి అంత ఫీజు అక్కర్లేదు.