తమిళం తోడుంటే కన్నడ తేలిక

"బెంగళూరు వచ్చి రెండు నెలలైంది. తెలుగు మాతృభాష, తమిళం కొంచెం వచ్చు. కన్నడ త్వరగా పట్టుబడే మార్గం ఏదైనా ఉందా?"

మాటల పట్టికలు బట్టీ పట్టకండి. ముప్పై రోజుల్లో కన్నడ నేర్పుతామనే పుస్తకాలు పాలు, పువ్వు, పులి, పంది అన్నింటినీ కొత్త మాటల్లా విడివిడిగా నేర్పుతాయి. మాట మొదట్లో ఉన్న మన 'ప' కన్నడలో 'హ' అయిందన్న ఒక్క సంగతి చెబితే హాలు, హూవు, హులి, హంది వాటంతటవే వచ్చేస్తాయి. మాట మధ్యలోని 'ప' మారదు కనుక ఉప్పు అక్కడా ఉప్పే. పూజె, పుస్తక వంటి సంస్కృత పదాల్లోనూ మారదు.

అయితే ఈ సూత్రం ఒక్కటే చాలదని నాకు మల్లేశ్వరంలో పాలు కొంటున్నప్పుడు తెలిసింది. నెల్లూరు నుంచి వచ్చిన కొత్తలో, కన్నడలో ళకారం ఎక్కువగా వినిపిస్తోందని ప్రతి లకారాన్నీ బరువుగా పలికేదాన్ని. ఒకరోజు "ఎరడు ప్యాకెట్ హాళు కొడి" అని అడిగితే, కొట్టులోని అజ్జి నా చేయి పట్టుకుని, "హాళు అల్లమ్మా, హాలు" అని రెండుసార్లు పలికించింది. హాళు అంటే పాడైపోవడం.

ఆ రాత్రి ఆలోచిస్తే మన 'పాడు'లోనే చిక్కుందని అర్థమైంది. చెడిపోవడానికీ పాటకూ మనకు ఒకటే 'పాడు'. కన్నడలో చెడిపోయినది హాళు, పాట పాడటం హాడు. 'తమిళ్' అన్న పేరు చివర నాలుక వెనక్కి మడిచి పలికే ధ్వని పాత తెలుగు శాసనాల్లోనూ ఉండేది. తర్వాత అది మనకు చాలా మాటల్లో 'డ'గా, కన్నడలో 'ళ'గా మారింది. అందుకే మన ఏడు, కోడి వారికి ఏళు, కోళి. తెలుగు 'డ'ను చూసి కన్నడలో ఏది వస్తుందో చెప్పలేము కానీ, తమిళం చెబుతుంది. తమిళంలో ఆ ధ్వని ఉంటే కన్నడలో 'ళ' వస్తుంది, మామూలు 'డ' ఉంటే 'డ'యే ఉంటుంది.

ల, ళ విషయంలోనూ అంతే. మన పులిలోనూ పులుపులోనూ ఒకటే 'ల' కాగా, తమిళంలో పులి జంతువు, పుళి చింతపండు. కన్నడలో హులి, హుళి. సందేహం వచ్చినప్పుడల్లా మా పక్కింటి తమిళ అక్కను ఒక్కమాట అడిగేదాన్ని.

వ్యాకరణంలో పదాల వరుస దాదాపు మనదే కనుక భయం లేదు. పొరపాటు వచ్చేది స్త్రీల విషయంలో. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది అని మనం రెంటికీ ఒకే క్రియ వాడతాము. ఆ అలవాటుతో నేను మా ఆఫీసులో ఒకామె గురించి "అవళు బంతు" అన్నాను. 'బంతు' బస్సుకు వాడే మాట. ఇక్కడ తెలుగును పక్కన పెట్టి, ముందు తమిళ వాక్యం మనసులో అనుకుని కన్నడలోకి రండి: అవళ్ వందాళ్, అవళు బందళు.