తీసివేతా, తొలగింపా?

సందేహం: కదలకుండా బిగించిన కెమెరాతో ముందు ఖాళీ గదిని, తర్వాత మనిషి నిలబడ్డ అదే గదిని ఫోటో తీసి, రెండింటిలో మారనిదంతా చెరిపేసే పద్ధతి గురించి వ్యాసం రాస్తున్నాను. ‘బ్యాక్‌గ్రౌండ్ సబ్‌ట్రాక్షన్’ను ‘నేపథ్య వ్యవకలనం’ అన్నాను. మిత్రుడు ‘నేపథ్య తొలగింపు’ అనాలంటున్నాడు. ఏది సరి?

సమాధానం: రెండూ ఈ పనిలో ఉన్నాయి, కాకపోతే వేర్వేరు మెట్ల మీద ఉన్నాయి. ఆ సంగతి తెలియాలంటే లెక్కలోకి దిగాలి.

డిజిటల్ ఫోటోలో ప్రతి చుక్కకూ వెలుగును బట్టి 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది. (రంగుల ఫోటోలో మూడేసి ఉంటాయి, ఇక్కడ ఒకటే అనుకుందాం.) ఖాళీ గది ఫోటోలో గోడ మీది ఒక చుక్క విలువ 182. రెండో ఫోటోలో అదే చోటికి మనిషి నల్లచొక్కా వచ్చి 60 అయింది. తేడా 122. మనిషికి దూరంగా ఉన్న మరో చుక్క 182 నుంచి 180 అయింది. అక్కడ ఏమీ మారలేదు. సెన్సర్ ఏ రెండుసార్లూ అచ్చంగా ఒకే అంకె ఇవ్వదు, అంతే. అందుకే 25 లాంటి హద్దు ఒకటి పెట్టుకుని, తేడా దాన్ని దాటితేనే ‘మారింది’ అంటారు.

ఇంతవరకూ జరిగింది తీసివేత. కానీ ఈ తేడాలతో బొమ్మ వేస్తే అందులో మనిషి సొంత రంగులు ఉండవు. నల్లచొక్కా 122 విలువతో బూడిదరంగులో కనిపిస్తుంది. కాబట్టి తేడాను ఏ చుక్క ఉండాలో, ఏది పోవాలో తేల్చడానికే వాడి, ఉండాల్సిన చుక్కలను రెండో ఫోటోలోంచి తెచ్చుకుని తక్కినవి చెరిపేస్తారు. ఇది తొలగింపు. మొదటి మెట్టుకు మీ మాట, రెండో మెట్టుకు మీ మిత్రుడి మాట సరిపోతాయి.

తెలుగులో చిక్కల్లా ‘తీసివేయు’తోనే. ‘పదిలోంచి మూడు తీసివేయి’ అన్నా, ‘బల్ల మీది పుస్తకం తీసివేయి’ అన్నా క్రియ ఒకటే. ‘ఫోటోలోంచి నేపథ్యాన్ని తీసివేశాం’ అంటే లెక్క చేశారా, చెరిపేశారా తెలియదు. ‘రెండో ఫోటోలోంచి ఖాళీ ఫోటోను తీసివేశాం’ అనండి, అనుమానం ఉండదు.

నిజానికి ఇక్కడ ‘వ్యవకలనం’ కన్నా ‘భేదం’ దగ్గరి మాట. 60లోంచి 182 తీసివేస్తే రుణసంఖ్య వస్తుంది. దానికి చుక్కలో చోటు లేదు. కొన్ని ప్రోగ్రాములు దాన్ని సున్నా చేస్తాయి. అప్పుడు గోడకన్నా ముదురుగా ఉన్న మనిషి మొత్తం మాయమవుతాడు. ఏది పెద్దదైనా తేడా మాత్రమే తీసుకునే, OpenCV లైబ్రరీలోని `absdiff` వాడేది అందుకే:

```
d = cv2.absdiff(scene, empty)
mask = d > 25
```

అయినా ‘వ్యవకలనం’ పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట, ‘నేపథ్యం’లాగే సంస్కృత పదం, సమాసం చక్కగా కుదిరింది. ఉంచేయండి. ‘నేపథ్య తొలగింపు’ నా చెవికి అతుకులా వినిపిస్తుంది. ‘నేపథ్యం తొలగింపు’ అంటే బాగుంటుంది.

నాకు అసలు అనుమానం ‘నేపథ్యం’ మీదే. సంస్కృత నాటకాల్లో అది తెరవెనుక చోటు, ప్రేక్షకుడికి కనబడనిది. ఇప్పుడు ‘కనిపించే వెనుకభాగం’ అనే అర్థం స్థిరపడింది కాబట్టి దానితో పేచీ లేదు. కానీ ఈ పద్ధతికి వెనుక, ముందు తెలియవు. మనిషికి ముందున్న కుర్చీ రెండు ఫోటోల్లోనూ అక్కడే ఉంటే అదీ చెరిగిపోతుంది, మనిషి కాళ్ల దగ్గర కుర్చీ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. గోడ మీద పడిన నీడ మాత్రం వెనుకే ఉన్నా చెరగదు. 182 కాస్తా 140 అయింది, తేడా 42, హద్దు దాటింది. గోడరంగు చొక్కా 176 ఉంటే తేడా ఆరే కనుక మనిషి ఛాతీలో కన్నం పడుతుంది. హద్దును ఐదుకు దించితే కన్నం పూడుతుంది కానీ గోడంతా చుక్కలు లేస్తాయి. కాబట్టి వ్యాసం మొదట్లోనే ‘ఇక్కడ నేపథ్యమంటే వెనుకనున్నది కాదు, మారనిది’ అని ఒక వాక్యం రాయండి.

‘కదలకుండా బిగించిన’ అని రాశారు, మంచిదే, కానీ చాలదు. కెమెరా కదలకపోయినా, నల్లచొక్కా మనిషి రాగానే ఆటో ఎక్స్‌పోజర్ ఫోటో అంతటికీ వెలుగు పెంచేస్తుంది. గోడ 182 నుంచి 210కి వెళితే గది మొత్తం ‘మారినట్టే’. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ చేత్తో స్థిరపరచాలి. తప్పు ఎక్కడుందో తేడా బొమ్మే చెబుతుంది: అంతటా పలుచని వెలుగు పరుచుకుంటే ఎక్స్‌పోజర్ మారింది, తలుపు అంచుల వెంట, పటాల చుట్టూ సన్నని గీతలు వస్తే కెమెరా ఒకటి రెండు చుక్కల మేర జరిగింది. బటన్ నొక్కే వేలే చాలు దాన్ని జరపడానికి, టైమర్ పెట్టుకోవాలి.

అందుకని మీ వాక్యంలో ‘కదలకుండా బిగించిన’ పక్కన ‘సెట్టింగులు మార్చకుండా’ అని కూడా చేర్చండి.