బరువు తగ్గిన ఫొటో కింద ఏం రాయాలి?

"ఎనిమిది నెలల్లో 11 కిలోలు తగ్గాను. 'గున్నమ్మ పోయింది, అసలు నేను వచ్చాను' అని రాస్తే మా వదిన నొచ్చుకుంది. ఎలా మార్చాలి?"

మీరు వెక్కిరించింది మీ పాత ఫొటోనేనండి. కానీ ఆ ఒళ్లే ఉన్నవాళ్లు తమనే అన్నారనుకుంటారు. పైగా "అసలు నేను" అంటే అప్పటి మీరు నకిలీ అనేగా! ఆ రెండూ తీసేయండి. "పట్టుదల ఉంటే ఎవరైనా తగ్గొచ్చు" అని కూడా వద్దు. థైరాయిడ్‌తోనో, ఒళ్లు పెంచే మందులతోనో ఉన్నవాళ్లకి అది ములుకులా గుచ్చుకుంటుంది. చేసిన పనులే రాయండి, ఇలా:

"వారానికి ఐదు రోజులు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కాళీ గుడి దగ్గర్నుంచి నడక. వానొస్తే మేడ మీదే. రాత్రి అన్నం సగం చేసి కూర పెంచాను. నాలుగు టీలు రెండయ్యాయి. చేపల పులుసు మాత్రం మానలేదు! ఇప్పుడు మూడో అంతస్తుకి ఆగకుండా ఎక్కుతున్నా. ఇది నా ఒంటికి కుదిరిన పద్ధతి."

మీ అలవాట్లు వేరైతే అవే పెట్టండి, చేయనివి మాత్రం రాయకండి. కిలోల అంకె నేనైతే వదిలేస్తాను. అది కనబడగానే కామెంట్లన్నీ "నేనెంత, నువ్వెంత" లోకి పోతాయి. ఎవరైనా అడిగితే అక్కడే చెప్పొచ్చు.