సియాటిల్‌లో ఎనిమిదైతే ఇక్కడెంత?

ప్రశ్న: మూడు రౌండ్ల ఇంటర్వ్యూకి ఎంపికయ్యాను. కోడింగ్, మేనేజర్ రౌండ్లు తీసుకునేవాళ్లు సియాటిల్‌లో, సిస్టమ్ డిజైన్ తీసుకునేవారు లండన్‌లో ఉన్నారు. అక్టోబరు 26 నుంచి నవంబరు 6 వరకు నాకు ఎప్పుడెప్పుడు వీలవుతుందో పీఎస్‌టీలో రాసి పంపమని షెడ్యూలింగ్ కోఆర్డినేటర్ మెయిల్ పెట్టారు. నాకు ఉదయం 9 నుంచి సాయంత్రం 6:30 వరకు ఆఫీసు. జవాబు ఎలా రాయాలి? — ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీకిచ్చిన రెండు వారాలకు సరిగ్గా మధ్యలో అమెరికా గడియారం మారుతోంది కాబట్టి ముందుగా ఆ లెక్క తేల్చుకోండి. 2026లో వేసవి సమయం బ్రిటన్‌లో అక్టోబరు 25 ఆదివారం నాడు, అమెరికాలో నవంబరు 1 ఆదివారం నాడు ముగుస్తుంది. అందువల్ల లండన్ మీ రెండు వారాల్లోనూ మనకంటే ఐదున్నర గంటలే వెనక ఉంటుంది. సియాటిల్ మాత్రం మొదటి వారంలో పన్నెండున్నర గంటలు, రెండో వారంలో పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఒకే తేడాను పట్టుకుని రెండు వారాల పట్టికనూ నింపేస్తే అందులో సగం వరుసలు గంట తప్పుతాయి.

ఇక పీఎస్‌టీ అన్న మాట. అక్షరాలా తీసుకుంటే అది శీతకాలపు సమయం; అక్టోబరు చివరి వారంలో సియాటిల్‌లో నడిచేది పీడీటీ. అయితే అమెరికాలో చాలామంది ఏడాది పొడవునా అలవాటుగా పీఎస్‌టీ అనే అంటారు, వాళ్ల ఉద్దేశం అక్కడి గోడ గడియారం చూపించే సమయమే. మీరు నిక్కచ్చిగా పీఎస్‌టీతో లెక్క కడితే అక్టోబరు 27 రాత్రి 8:30 అక్కడ ఉదయం 7 అవుతుంది. నిజానికి ఆ రోజు అక్కడి గడియారంలో 8 అవుతుంది. అందుకని జవాబులో ఈ పొట్టి పేర్లను వదిలేసి ‘సియాటిల్ సమయం’, ‘లండన్ సమయం’ అని ఊరి పేరుతో రాయడమే నా సలహా. మన ఐఎస్‌టీ పక్కన కూడా యూటీసీ తేడా ఒకసారి రాయండి, ఎందుకంటే ఐర్లండ్ వేసవి సమయాన్నీ, ఇజ్రాయెల్ సమయాన్నీ కూడా ఐఎస్‌టీ అనే అంటారు.

మీ ఆఫీసు వేళలు తీసేస్తే సాయంత్రం 7:30 నుంచి రాత్రి 11 వరకు, ఉదయం 6:30 నుంచి 8 వరకు మిగులుతాయి. రాత్రి 11 తర్వాత కూడా కూర్చోగలనని రాయడం నాకు నచ్చదు. పగలంతా పనిచేసి అర్ధరాత్రి కోడ్ రాయడం ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఈ హద్దుల్లో నేనైతే జవాబు మధ్య భాగాన్ని ఇలా రాస్తాను:

```
All my times: IST (Hyderabad, UTC+5:30)

Coding, 60 min
Tue 27 Oct, Thu 29 Oct
8:30-11:00 PM IST = 8:00-10:30 AM Seattle

System design, 60 min
Wed 28 Oct, Fri 30 Oct
7:30-10:00 PM IST = 2:00-4:30 PM London

Manager, 45 min
Tue 3 Nov, Thu 5 Nov
9:30-11:00 PM IST = 8:00-9:30 AM Seattle
or Wed 4 Nov 6:30-8:00 AM IST
 = Tue 3 Nov 5:00-6:30 PM Seattle
```

కోడింగ్, సిస్టమ్ డిజైన్ రౌండ్లకు కచ్చితమైన గంట ఇవ్వకుండా రెండున్నర గంటల వ్యవధి ఇచ్చిన కారణం చూడండి. అరవై నిమిషాల రౌండుకు అరవై నిమిషాలే ఇస్తే కోఆర్డినేటర్‌కు ఒకే ఒక్క ఆరంభ సమయం దొరుకుతుంది, అప్పటికే ఇంటర్వ్యూ చేసేవారికి మరో మీటింగు ఉంటే మెయిల్ మళ్లీ మీ దగ్గరకే తిరిగి వస్తుంది. రెండున్నర గంటలిస్తే, అరగంటకొకటి చొప్పున, 8:30, 9, 9:30, 10 అని నాలుగు ఆరంభాలు దొరుకుతాయి. అలాగని ‘సాయంత్రం ఎప్పుడైనా ఫరవాలేదు’ అని రాయకండి, ఆ సాయంత్రం ఎవరిదో తేలదు.

రోజులను రౌండ్ల వారీగా పంచడం వెనకా ఒక లెక్క ఉంది. లండన్‌కు ఇచ్చిన వ్యవధీ సియాటిల్‌కు ఇచ్చినదీ రాత్రి 8:30 నుంచి 10 వరకు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒకే రోజును రెండు రౌండ్లకూ చూపిస్తే రెండూ అదే గంటకు ఖరారయ్యే ప్రమాదం ఉంది, లేదంటే ఒకటి ముగియగానే ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా రెండోది మొదలవుతుంది. మేనేజర్ రౌండును రెండో వారంలో పెట్టింది అది చివర రావాలనే. ఆ వరుస మీకు ముఖ్యమైతే పట్టికను చూసి వాళ్లే గ్రహిస్తారని వదిలేయకుండా విడిగా ఒక వాక్యంలో రాయండి.

పట్టికలోని చివరి వరుసను మాత్రం రెండుసార్లు చదవండి. మనకు బుధవారం తెల్లవారిన వేళ సియాటిల్‌లో ఇంకా మంగళవారం సాయంత్రమే. ఇలాంటిచోట రెండు వైపులా వారం పేరు, తేదీ రాయకపోతే కోఆర్డినేటర్ బుధవారం సాయంత్రానికి ఖాయం చేస్తారు, అది మీకు గురువారం ఉదయం అవుతుంది. తేదీని 4/11 అని అంకెల్లో రాసినా చిక్కే, అమెరికాలో దాన్ని ఏప్రిల్ 11గా చదువుతారు.

పంపేముందు లెక్క సరిచూసుకోవడానికి గూగుల్ క్యాలెండర్ చాలు. నవంబరు 3న ఒక ఈవెంట్ తెరిచి, Time zone నొక్కి లాస్ ఏంజెలిస్‌ను ఎంచుకోండి, సియాటిల్‌దీ అదే సమయం. ఉదయం 8 గంటలు పెట్టి సేవ్ చేస్తే మీ క్యాలెండర్‌లో అది రాత్రి 9:30 దగ్గర కనిపించాలి. అక్టోబరు 27కు అదే పని చేస్తే 8:30 దగ్గర కనిపిస్తుంది. మీ దగ్గర లినక్స్ ఉంటే ఒక్క వరుస కమాండ్ కూడా అదే చెబుతుంది:

```
TZ=America/Los_Angeles date -d '2026-11-03 21:30 +0530'
```

ఖరారు చేసిన ఆహ్వానం వచ్చాక దాన్ని మీ క్యాలెండర్‌లో తెరిచి చూడండి. మెయిల్‌లో రాసిన సమయంతో అది సరిపోలకపోతే ఎంత తేడా ఉందన్నదే తప్పు ఎక్కడ జరిగిందో చెబుతుంది. సరిగ్గా గంట తేడా ఉంటే గడియారం మార్పును ఎవరో పట్టించుకోలేదు. అరగంట ఉంటే పన్నెండున్నరను పన్నెండుగా లెక్కగట్టారు. ఒక రోజు మొత్తం తేడా ఉంటే తేదీ దాటడం మరిచారు. కొన్నేళ్ల కిందట నవంబరు మొదటి వారంలో నేనే ఒక వీడియో కాల్ ముందు గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాను, తప్పు అటువైపుదని అప్పట్లో గట్టిగా నమ్మాను కూడా.

మెయిల్ పంపిన వెంటనే ఇందులోని ప్రతి వ్యవధినీ మీ ఆఫీసు క్యాలెండర్‌లో బిజీగా పెట్టుకోండి, లేకపోతే వాళ్లు అడిగే రోజుకు అక్కడ మరో మీటింగు వచ్చి కూర్చుంటుంది. ఈ సమయాలను అక్టోబరు 23 శుక్రవారం వరకు ఖాళీగా ఉంచుతానని మెయిల్ చివర రాయండి. మధ్యలో ఏదైనా మారితే మొత్తం పట్టికను కొత్త మెయిల్‌లో పంపకుండా, అదే మెయిల్‌కు జవాబుగా ఫలానా వరుస ఇక లేదని ఒక్క ముక్క రాయండి; రెండు పట్టికలు చేతిలో ఉంటే కోఆర్డినేటర్ పాతదాన్ని చూసే అవకాశమూ ఉంటుంది.