ఆ డీజిల్ బండికి ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకు

అల్లుడా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. 2021 మోడల్ డీజిల్, 38 వేల కిలోమీటర్లు, సింగిల్ ఓనర్, హైదరాబాద్ బండి. రంగు బాగుంది, టైర్లు బాగున్నాయి, రేటు కూడా బయట కంటే తక్కువే చెప్తున్నాడు. అక్కకు బండి నచ్చిందని కూడా రాశావు. అయినా అడ్వాన్స్ ఇవ్వకు. ఎందుకో వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

2020 ఏప్రిల్ నుంచి మన దగ్గర అమ్మే డీజిల్ కార్లన్నీ బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలవే. వాటి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే నల్లటి మసిని అది పట్టుకుంటుంది. పట్టుకున్న మసి ఎప్పటికప్పుడు కాలిపోవాలి, లేకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. హైవే మీద బండి నిలకడగా నడుస్తుంటే పొగ వేడికే కొంత మసి కాలుతుంది. మిగతాది ఎక్కువైనప్పుడు బండిలోని కంప్యూటరే అదనంగా డీజిల్ కొట్టి ఫిల్టర్‌ను సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాలుస్తుంది. దాన్ని రీజనరేషన్ అంటారు. అది పూర్తవడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. అంతసేపూ బండి ఆగకుండా మంచి స్పీడులో నడవాలి.

నీ రోజువారీ పని చూడు. మీ ఊళ్లో న్యూటౌన్ నుంచి పాపను బడిలో దింపడం, అక్కడి నుంచి ఆఫీసు, సాయంత్రం మళ్లీ అదే దారి. మొత్తం పన్నెండు కిలోమీటర్లు, అది కూడా ముక్కలు ముక్కలుగా. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే తాళం తీసేస్తావు. మసి కాల్చడం మొదలై ఆరో నిమిషంలోనే ఆగిపోతుంది. మర్నాడు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది.

ఇలా ఆగిన ప్రతిసారీ ఇంకో నష్టం కూడా జరుగుతుంది. మసి కాల్చడానికి కొట్టిన అదనపు డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. పలచబడ్డ ఆయిల్‌తో టర్బో, బేరింగులు ఎన్నాళ్లు నడుస్తాయో నీకు చెప్పనక్కర్లేదు.

నేనూ ఈ దెబ్బ తిన్నవాడినే. మా పెద్దోడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠికి రోజూ ఇలాంటి డీజిల్ బండిలోనే పోయేవాడు. డాష్‌బోర్డులో నారింజ రంగు లైటు వచ్చిందని ఫోన్ చేస్తే, 'సెన్సర్లకు ఏదో పిచ్చి లేరా, నడుపు' అన్నాను. నలభై ఏళ్లు డీజిల్ ఇంజన్ల మధ్య బతికినవాణ్ని కదా, ఆ పొగరు. మేం పని నేర్చుకున్న ఇంజన్లకు ఫిల్టర్ లేదు. నల్లపొగ వదిలేసి పోయేవి. రెండు వారాలకు వాడు నల్లగొండ వస్తే డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ గరిష్ఠ గీత దాటి వేలెడు పైన ఉంది. ఇంజన్ ఆయిల్ తగ్గడం చూశాను గానీ, పెరగడం అదే మొదటిసారి. వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారింది, డీజిల్ వాసన కొట్టింది.

తర్వాత బండి పికప్ లేక ఈడ్చడం మొదలుపెట్టింది. గ్యారేజీలో స్కానర్ పెట్టి బలవంతంగా కాల్పించాలని చూస్తే కంప్యూటర్ ఒప్పుకోలేదు. మసి హద్దు దాటితే కాల్చేటప్పుడు ఫిల్టరే పగిలిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి అది ఒప్పుకోదు. ఫిల్టర్ విప్పించి కడిగించి, ఆయిల్ మార్పించేసరికి ముప్పై వేలు దాటింది. కొత్త ఫిల్టర్ అయితే లక్ష పైనే చెప్పారు. నాలుగు నెలలకు మళ్లీ అదే లైటు. ఫిల్టర్ శుభ్రమైంది గానీ వాడు నడిపే దారి మారలేదు కదా. ఆ బండి అమ్మేశాం.

ఇప్పుడు నువ్వు చూసిన బండి సంగతికి వస్తాను. అది ఎక్కడ నడిచిందో రీడింగ్ చెప్పదు. ట్రిప్ మీటర్‌లో సగటు వేగం చూడు. అది మధ్యలో రీసెట్ అయి ఉండొచ్చు. అందుకే వీలైతే ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో స్కానర్‌తో తీయించు. సగటు గంటకు 15 కిలోమీటర్లయితే 38 వేలకు రెండున్నర వేల గంటలు నడిచినట్టు. 45 అయితే ఎనిమిది వందల యాభై గంటలలోపే. అదే రీడింగ్, కానీ ఇంజన్ మూడింతలు నడిచింది.

స్కానర్‌లో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఫాల్ట్ కోడ్‌లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో అందులో కనబడుతుంది. 38 వేల బండిలో ఆ అంకె పన్నెండో, ఇరవయ్యో ఉంటే, నువ్వు వచ్చే ముందే లైటు ఆర్పి పెట్టాడేమోనని అనుమానించాలి. మసి ఎంత ఉందో, రీజనరేషన్ చివరిసారి పూర్తయ్యాక ఎంత దూరం నడిచిందో కూడా చాలా బండ్లలో కనబడతాయి. మసి కాల్చడం వంద, నూటయాభై కిలోమీటర్లకోసారి జరుగుతుంటే ఫిల్టర్ గానీ ఇంజెక్టర్లు గానీ బాగోలేవని అనుమానించాలి.

ఇక స్కానర్ లేకుండా చేసే పని ఒకటుంది. సైలెన్సర్ గొట్టం చల్లగా ఉన్నప్పుడు లోపల తెల్లగుడ్డ పెట్టి తిప్పు. ఫిల్టర్ బాగుంటే గుడ్డకు పెద్దగా మసి అంటదు. నల్లగా అంటితే ఫిల్టర్ పగిలిందన్నా అనుకోవాలి, లోపలి జాలీ పీకేశారన్నా అనుకోవాలి. పీకేసిన బండిని ముట్టుకోకు. అది చట్టవిరుద్ధం, పొల్యూషన్ టెస్టులోనూ ఇబ్బందే.

'నెలకోసారి హైదరాబాద్ పోతాను కదా మామా' అంటావు. లెక్క చూద్దాం. రోజుకు పన్నెండు చొప్పున నెలకు మూడొందల కిలోమీటర్లు. ఊళ్లో ముక్కలుగా తిరిగే బండికి అంతలోపే మసి నిండొచ్చు. అది నిండే రోజు నీ హైదరాబాద్ ప్రయాణం రోజే కావాలని రూలేం లేదు. వారానికోసారి జడ్చర్ల దాటి షాద్‌నగర్ వైపు నేషనల్ హైవే 44 మీద అరగంట, ఇంజన్ రెండు వేల ఆర్‌పీఎం తగ్గకుండా నడిపే ఓపిక ఉంటే ఆలోచించు. మసి కాలుతున్నప్పుడు ఐడిల్ కొంచెం పెరుగుతుంది, కాలిన వాసన వస్తుంది, బండి ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. అప్పుడు వెంటనే తాళం తీయకు. వరిగడ్డి, ఎండుగడ్డి మీద మాత్రం అసలు ఆపకు, కింద గొట్టం అంత వేడిగా ఉంటుంది.

కానీ పిల్లల బడి, ఆఫీసు చూసుకునే మనిషివి. బండి కోసం ఆదివారాలు హైవే ఎక్కడం నీ వల్ల కాదు. నా మాట వింటే ఇదే డబ్బుకు పెట్రోల్ బండి చూడు. డీజిల్ మీద మిగిలేది నీ తిరుగుడుకు నెలకు కొన్ని వందలే. అదే రోజూ నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి వచ్చే మీ బాబాయికైతే ఇదే బండి కొనమనే చెప్తాను. 2020 మార్చికి ముందటి బీఎస్ 4 డీజిల్‌లో చాలావాటికి ఈ ఫిల్టరే లేదు, కానీ అంత పాత బండిని అడిగి, చూసి కొనాలి.

అక్క మరీ పట్టుబడితే శనివారం నేనే వస్తా, స్కానర్ తెస్తా. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా చూడాలి కాబట్టి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి చెప్పు. వేడి చేసి పెట్టాడంటే అక్కణ్నుంచే తిరిగొచ్చేద్దాం.

మీ మామ,
నల్లగొండ